కలిపితే ఒక మాట, విడగొడితే ఇంకో మాట: బర్క్‌లీ అడ్మిషన్ల లెక్క

ప్రశ్న: అమెరికాలోని బర్క్‌లీ యూనివర్సిటీ అడ్మిషన్ల ఉదాహరణ నాలుగుసార్లు చదివాను. మొత్తం మీద చూస్తే మగవాళ్లకే ఎక్కువ సీట్లు వచ్చాయంటారు, డిపార్ట్‌మెంట్ల వారీగా చూస్తే అలా లేదంటారు. అవే అంకెలు కదా, కలిపేసరికి ఎందుకు తిరగబడతాయి? ఇంతకీ అక్కడ వివక్ష ఉన్నట్టా, లేనట్టా? రేపు నా ప్రాజెక్టు డేటాలో ఇలాంటిది వస్తే ఏ లెక్క రాయాలి?

సమాధానం:

ఆ ఉదాహరణలో ఆరు డిపార్ట్‌మెంట్లు ఉంటాయి. ముందు ఆ ఆరింటినీ పక్కన పెట్టి రెండే తీసుకుందాం. నేను క్లాసులో ఎప్పుడూ ఇక్కడే మొదలుపెడతాను. ఆరు వరుసల పట్టిక ఒకేసారి చూపిస్తే అందరూ తలూపుతారు కానీ ఎవరికీ లోపలికి దిగదు.

బర్క్‌లీ డేటాలో డిపార్ట్‌మెంట్ల పేర్లు బయటపెట్టలేదు, అక్షరాలే ఉంటాయి. ‘ఎ’ డిపార్ట్‌మెంట్‌లో 825 మంది పురుషులు దరఖాస్తు చేస్తే 512 మందికి సీటు వచ్చింది, అంటే 62 శాతం. స్త్రీలు 108 మంది చేస్తే 89 మందికి వచ్చింది, 82 శాతం. ‘ఎఫ్’ డిపార్ట్‌మెంట్‌లో 373 మంది పురుషుల్లో 22 మందికి, అంటే 6 శాతం మందికి వచ్చింది. 341 మంది స్త్రీలలో 24 మందికి, 7 శాతం మందికి వచ్చింది. రెండు చోట్లా స్త్రీల శాతమే ఎక్కువ.

ఇప్పుడు రెంటినీ కలపండి. పురుషులు 1198 మందిలో 534 మంది, 44.6 శాతం. స్త్రీలు 449 మందిలో 113 మంది, 25.2 శాతం. రెండు చోట్లా ముందున్న స్త్రీలు, కలిపిన లెక్కలో ఇరవై శాతం దాకా వెనకబడ్డారు. కాల్‌క్యులేటర్ తీసి చూసుకోండి, ఎక్కడా తప్పు లేదు.

శాతం చూడకుండా ఎవరు ఎక్కడ దరఖాస్తు పెట్టారో చూస్తే విషయం తెలుస్తుంది. ఈ రెంటిలో పురుషుల దరఖాస్తుల్లో 69 శాతం ‘ఎ’కి వెళ్లాయి. స్త్రీలవి 24 శాతమే వెళ్లాయి, మిగతావన్నీ ‘ఎఫ్’కే. ‘ఎ’లో అడిగిన ముగ్గురిలో ఇద్దరికి సీటు దొరుకుతుంది. ‘ఎఫ్’లో వందమంది అడిగితే ఆరేడుగురికే దొరుకుతుంది. స్త్రీల మొత్తం శాతం అనేది 82కీ 7కీ మధ్య ఎక్కడో ఒకచోట ఉండాలి. ఎక్కడ ఉంటుందో తేల్చేది వాళ్ల దరఖాస్తుల పంపకం. ముప్పాతిక వంతు బరువు 7 వైపు ఉంది కాబట్టి అది 25కి దిగింది. పురుషులది 62కీ 6కీ మధ్య ఉండాలి, వాళ్ల బరువు 62 వైపు ఉంది కాబట్టి 44 దగ్గర ఆగింది. మొత్తం శాతం అంటే వెయిటెడ్ యావరేజ్. రెండు గుంపులకూ మనం వాడిన వెయిట్లు వేరు. పోల్చింది సీట్లిచ్చే తీరునే అనుకున్నాం, కానీ దరఖాస్తులు పెట్టిన తీరు కూడా అందులో కలిసిపోయింది.

ఇలా తిరగబడాలంటే రెండు షరతులు కుదరాలి. ఆ మూడో అంశం, ఇక్కడ డిపార్ట్‌మెంట్, ఫలితాన్ని బలంగా మార్చేదై ఉండాలి. రెండు గుంపులూ దానిలో వేర్వేరుగా పంచుకొని ఉండాలి. స్త్రీపురుషులు ఒకే పాళ్లలో దరఖాస్తు చేసి ఉంటే ‘ఎ’, ‘ఎఫ్’ల మధ్య ఎంత తేడా ఉన్నా మొత్తం లెక్క తిరగబడేది కాదు. అలాగే అన్ని చోట్లా సీటు దొరికే అవకాశం ఒకటే అయితే ఎవరు ఎక్కడ దరఖాస్తు పెట్టినా పెద్దగా మారేది లేదు. ఈ రెండు తేడాలూ పెద్దవి కాకపోతే పూర్తిగా తిరగబడటం అరుదు. మామూలుగా మనకు ఎదురయ్యేది తేడా తగ్గడమో పెరగడమో. అది కూడా ఇదే జబ్బు. తిరగబడలేదు కదా అని దాన్ని వదిలేయకండి.

ఇప్పుడు మొత్తం పట్టిక చూడండి. పాఠ్యపుస్తకాల్లో కనిపించేది 1973లో బర్క్‌లీ పీజీ అడ్మిషన్లలో ఆరు పెద్ద డిపార్ట్‌మెంట్లది మాత్రమే.

| డిపార్ట్‌మెంట్ | పురుషుల దరఖాస్తులు | సీటు వచ్చింది | స్త్రీల దరఖాస్తులు | సీటు వచ్చింది |
|---|---|---|---|---|
| ఎ | 825 | 62% | 108 | 82% |
| బి | 560 | 63% | 25 | 68% |
| సి | 325 | 37% | 593 | 34% |
| డి | 417 | 33% | 375 | 35% |
| ఇ | 191 | 28% | 393 | 24% |
| ఎఫ్ | 373 | 6% | 341 | 7% |

ఈ ఆరూ కలిపితే పురుషులకు 44.5 శాతం, స్త్రీలకు 30.4 శాతం. పురుషుల దరఖాస్తుల్లో సగానికి పైగా సులువుగా సీటు దొరికే ‘ఎ’, ‘బి’లకే వెళ్లాయి. స్త్రీలవి నూటికి ఏడే వెళ్లాయి. యూనివర్సిటీ మొత్తానికి వస్తే దరఖాస్తులు 12,763, పురుషులకు 44 శాతం, స్త్రీలకు 35 శాతం. చాలామంది ఈ రెండు జతల అంకెలనూ కలిపేసి రాస్తారు. మీరు రాసేటప్పుడు ఏది దేనిదో స్పష్టంగా చెప్పండి. ఇంకో మాట. యూనివర్సిటీ మీద కోర్టులో కేసు పడిందని చాలా చోట్ల రాస్తుంటారు, అది నిజం కాదు. గ్రాడ్యుయేట్ డివిజన్‌లో అసోసియేట్ డీన్‌గా ఉన్న హామెల్ ఈ తేడా చూసి కంగారుపడి స్టాటిస్టిక్స్ ప్రొఫెసర్ బికెల్ దగ్గరికి వెళ్లారు. వాళ్లిద్దరూ ఓకానెల్‌తో కలిసి 1975లో ‘సైన్స్’ పత్రికలో వ్యాసం రాశారు. లెక్కకు పనికొచ్చే 85 డిపార్ట్‌మెంట్లలో స్త్రీలకు వ్యతిరేకంగా గట్టి తేడా కనిపించినవి 4, పురుషులకు వ్యతిరేకంగా కనిపించినవి 6. యూనివర్సిటీ మొత్తం మీద కనిపించిన ఆ పెద్ద తేడాకు బాధ్యులైన డిపార్ట్‌మెంట్లను వెతికితే దొరకలేదు.

ఇక్కడితో ఆగిపోయి “కాబట్టి వివక్ష లేదు, పైగా స్త్రీలవైపే మొగ్గు” అని ముగించేవాళ్లు చాలామంది. నేను అలా ముగించను. ఎందుకో అంకెలతోనే చూపిస్తాను.

రెండు గుంపులకూ ఒకే పంపకం ఇస్తే ఎలా ఉంటుందో లెక్క కడదాం. దీన్ని స్టాండర్డైజేషన్ అంటారు. పద్ధతి సులువు. ఒక్కో డిపార్ట్‌మెంట్‌కు స్త్రీపురుషులు కలిపి ఎన్ని దరఖాస్తులు వచ్చాయో తీసుకోవాలి: 933, 585, 918, 792, 584, 714. మొత్తం 4526. ఆ అందరికీ పురుషుల శాతాలే వర్తిస్తే ఎన్ని సీట్లు వచ్చేవో కట్టాలి. తర్వాత స్త్రీల శాతాలతో అదే లెక్క కట్టాలి. పురుషుల శాతాలతో 38.7 వస్తుంది, స్త్రీల శాతాలతో 43.0 వస్తుంది. 14 శాతం వెనకబడినవాళ్లు 4 శాతం ముందుకొచ్చారు.

ఇప్పుడు ‘ఎ’ ఒక్కదాన్నీ తీసేసి మళ్లీ కట్టండి. పురుషులకు 32.7, స్త్రీలకు 32.8. సమానం! స్త్రీల వైపు మొగ్గు అని మనం చూసినదంతా ఒక్క ‘ఎ’ డిపార్ట్‌మెంట్ నుంచి, ఆ 108 మంది నుంచి వచ్చిందే. ఆ 108 మంది ఎవరు? అప్పట్లో మగవాళ్లే ఎక్కువగా వెళ్లే చోటికి తెగించి దరఖాస్తు పెట్టినవాళ్లు. బహుశా మామూలు కంటే బాగా చదివినవాళ్లే అయ్యుంటారు. వాళ్లకు వచ్చిన 82 శాతాన్ని 933 మందికీ అంటగట్టి మనం ఆ 43.0 సంపాదించాం. అంతమంది స్త్రీలు నిజంగా దరఖాస్తు చేసి ఉంటే 82 శాతం నిలిచేదా? ఈ డేటా చెప్పలేదు. స్టాండర్డైజ్ చేసిన ప్రతి అంకె వెనకా ఇలాంటి ఊహ ఒకటి ఉంటుంది. ఆ ఊహ ఎంతమంది మీద నిలబడిందో చూడకుండా దాన్ని రిపోర్టులో పెట్టకూడదు.

ఇక మీ రెండో ప్రశ్న, వివక్ష సంగతి. ఇక్కడ లెక్క పక్కన పెట్టి బాణం గుర్తులు గీయాలి. ఏది ముందు, ఏది తర్వాత అన్నది కాగితం మీద పెట్టాలి.

పోల్చే గుంపునూ ఫలితాన్నీ రెంటినీ ముందే ప్రభావితం చేసి పోలికను తప్పుదారి పట్టించే అంశాన్ని కన్‌ఫౌండర్ అంటారు. అసలైన కన్‌ఫౌండర్ ఎలా ఉంటుందో వైద్యం నుంచి ఒక ఉదాహరణ చెబుతాను. కిడ్నీలో రాళ్లకు చేసిన రెండు రకాల చికిత్సలను పోలుస్తూ 1986లో బ్రిటన్‌లో ఒక అధ్యయనం వచ్చింది. మొత్తం మీద చూస్తే కోత పెట్టి చేసే పాత ఆపరేషన్ 78 శాతం మందికి, చిన్న రంధ్రం ద్వారా చేసే కొత్త పద్ధతి 83 శాతం మందికి పనిచేసింది. రాళ్ల సైజు బట్టి విడగొడితే చిన్న రాళ్లలో 93, 87, పెద్ద రాళ్లలో 73, 69. రెంటిలోనూ పాత ఆపరేషనే మెరుగు. పెద్ద రాళ్ల కష్టమైన కేసులు ఎక్కువగా ఆపరేషన్‌కు వెళ్లాయి, చిన్నవి కొత్త పద్ధతికి వెళ్లాయి. ఇక్కడ రాయి సైజు చికిత్స కంటే ముందే ఉంది. ఏ చికిత్స ఇవ్వాలన్నది దాన్ని బట్టే నిర్ణయించారు, ఫలితం కూడా దాన్ని బట్టి మారుతుంది. ఒకే కొమ్మ నుంచి రెండు రెమ్మలు అన్నమాట. చికిత్స వల్ల రాయి సైజు మారలేదు. కాబట్టి విడగొట్టిన లెక్కనే నమ్మాలి, అందులో సందేహం లేదు.

బర్క్‌లీలో బాణాలు అలా లేవు. డిపార్ట్‌మెంట్ ముందు వచ్చి అభ్యర్థి స్త్రీయో పురుషుడో నిర్ణయించదు. స్త్రీ అయినందువల్ల చిన్నప్పటి నుంచి ఏ చదువు వైపు నడిపించారన్నది, ఆమె ఏ డిపార్ట్‌మెంట్‌కు దరఖాస్తు పెడుతుందన్న దాన్ని మారుస్తుంది. డిపార్ట్‌మెంట్ సీటు అవకాశాన్ని మారుస్తుంది. అంటే డిపార్ట్‌మెంట్ దారి మధ్యలో ఉన్న మజిలీ. దీన్ని మీడియేటర్ అంటారు. చాలా పుస్తకాలు దీన్నీ కన్‌ఫౌండర్ అనే రాసేస్తాయి. పట్టిక రెంటికీ ఒకేలా కనిపిస్తుంది కాబట్టి అలా జరుగుతుంది. కానీ దేన్ని నమ్మాలన్న జవాబు మారిపోతుంది.

డిపార్ట్‌మెంట్ల వారీగా విడగొట్టినప్పుడు మనం అడుగుతున్నది ఇది: దరఖాస్తు టేబుల్ మీదకు వచ్చాక ఆ డిపార్ట్‌మెంట్ కమిటీ స్త్రీపురుషులను వేరుగా చూసిందా? కలిపి చూసినప్పుడు అడుగుతున్నది వేరు: ఈ గేటు దగ్గరికి వచ్చిన స్త్రీలలో ఎంతమంది లోపలికి వెళ్లగలిగారు, వెళ్లలేకపోవడానికి కారణం ఎక్కడ ఉన్నా సరే? మొదటిదానికి పెద్ద తేడా కనిపించలేదు. రెండోదానికి 14 శాతం తేడా ఉంది, అది మాయ కాదు, నిజంగా అంతమంది బయట ఉండిపోయారు. ఆ వ్యాసం రాసినవాళ్లు కూడా దీన్ని దాచలేదు. పెంపకం, అంతకు ముందు చదువు స్త్రీలను రద్దీ ఎక్కువ, నిధులు తక్కువ, ఉద్యోగావకాశాలు అంతగా లేని విభాగాల వైపు నెడుతున్నాయనీ, గణితం ముందే చదివి ఉండాల్సిన విభాగాలకు స్త్రీలు తక్కువగా వెళ్తున్నారనీ వాళ్లే రాశారు. కమిటీ గదిలో తప్పు దొరకలేదని చెప్పారు తప్ప ఎక్కడా తప్పు లేదని అనలేదు. వాళ్ల వ్యాసాన్ని వాళ్ల మాటకే ఎదురుగా వాడుతుంటే నాకు బాధగా ఉంటుంది.

పైగా మొదటి ప్రశ్నకు కూడా ఈ డేటా పూర్తి జవాబు ఇవ్వదు. ఇందులో అభ్యర్థుల మార్కులు లేవు. ఊహకు ఒక డిపార్ట్‌మెంట్ తీసుకోండి, ఈ అంకెలు నావే. వందమంది పురుషులు, వందమంది స్త్రీలు దరఖాస్తు చేశారు. పురుషుల్లో 40 మంది మెరిట్ ఉన్నవాళ్లు, 60 మంది మామూలువాళ్లు. స్త్రీలలో 60 మంది మెరిట్, 40 మంది మామూలు. కమిటీ మెరిట్ పురుషుల్లో 36 మందిని, మామూలువాళ్లలో 12 మందిని తీసుకుంది. మొత్తం 48. మెరిట్ స్త్రీలలో 42 మందిని, మామూలువాళ్లలో 6 మందిని తీసుకుంది. ఇక్కడా 48. శాతాలు అచ్చంగా సమానం. లోపలికి వెళ్లి చూస్తే మెరిట్ పురుషులకు 90 శాతం, మెరిట్ స్త్రీలకు 70 శాతం. మామూలువాళ్లలో 20, 15. రెండు మెట్ల మీదా స్త్రీలకు అన్యాయం జరిగింది, పైకి మాత్రం సమానత్వం కనిపిస్తోంది. ఒకసారి విడగొడితే తిరగబడిన లెక్క, ఇంకోసారి విడగొడితే మళ్లీ తిరగబడవచ్చు. ఎక్కడ ఆపాలో పట్టిక చెప్పదు. డేటా ఎలా పుట్టిందో తెలిసినవాళ్లే చెప్పాలి.

అలాగని దొరికిన ప్రతి కాలమ్‌తోనూ విడగొట్టకండి. ఈ తప్పు నేనే చేశాను. చాలా ఏళ్ల క్రితం ఒక కాలేజీలో, వెనకబడిన పిల్లలకు సాయంత్రం పూట పెట్టిన ప్రత్యేక క్లాసులు ఫైనల్ పరీక్షలో ఉపయోగపడ్డాయా అని చూడమన్నారు. క్లాసులు జూలైలో మొదలయ్యాయి. అక్టోబర్ మిడ్ పరీక్ష మార్కులు నా దగ్గర ఉన్నాయి కదా అని వాటి ప్రకారం పిల్లలను మూడు గుంపులు చేసి, ఒక్కో గుంపులో క్లాసులకు వెళ్లినవాళ్లనూ వెళ్లనివాళ్లనూ పోల్చాను. ఏ గుంపులోనూ తేడా లేదు. క్లాసుల వల్ల లాభం లేదని రాసిచ్చాను. రెండు రోజులకు గణితం చెప్పే మేడమ్ నా టేబుల్ దగ్గరికి వచ్చి ఒక్కటే అడిగారు: “సర్, అక్టోబర్‌లో వాళ్ల మార్కులు పెరిగిందే ఈ క్లాసుల వల్ల కదా?” అవును. లాభం మిడ్ మార్కుల ద్వారానే వచ్చింది. మిడ్ మార్కులు సమానంగా ఉన్నవాళ్లనే పోల్చి, ఆ లాభాన్ని నేనే చెరిపేశాను. నేను విడగొట్టాల్సింది క్లాసులు మొదలుకాకముందు, జూన్‌లో ఉన్న మార్కులతో. రిపోర్టు వెనక్కి తీసుకుని మళ్లీ రాశాను. అప్పటి నుంచి ప్రతి కాలమ్ పక్కనా అది ఏ తేదీన పుట్టిందో పెన్సిల్‌తో రాసుకుంటాను. నేను పోలుస్తున్న దానికంటే తర్వాత పుట్టిన కాలమ్ అయితే దాంతో విడగొట్టే ముందు ఆగి ఆలోచిస్తాను.

మీ ప్రాజెక్టుకు వస్తే, ఏ శాతాన్నీ పోల్చకముందు రెండు గుంపులూ ఎక్కడెక్కడ ఎంతమంది ఉన్నారో ముందు చూడండి. పంపకాలు ఒకేలా ఉంటే ఈ టెన్షన్ చాలావరకు పోతుంది. వేరుగా ఉంటే ఆ మూడో అంశం ముందుదా, మధ్యలోదా అన్నది బాణం గీసి చూసుకోండి. ముందుదైతే విడగొట్టిన లెక్క రాయండి. మధ్యలోదైతే రెండూ రాసి, ఒక్కొక్కటి ఏ ప్రశ్నకు జవాబో పక్కనే చెప్పండి. బర్క్‌లీ మీద నేను రాస్తే ఇలా రాస్తాను: “ఆరు పెద్ద డిపార్ట్‌మెంట్లలో స్త్రీలకు సీటు దొరికిన శాతం పురుషుల కంటే 14 తక్కువ. ఈ తేడా దాదాపు పూర్తిగా వాళ్లు ఏ డిపార్ట్‌మెంట్లకు దరఖాస్తు పెట్టారన్న దాని నుంచి వచ్చింది. ఒక్కో డిపార్ట్‌మెంట్ లోపల స్త్రీలకు వ్యతిరేకంగా పెద్ద తేడా లేదు. ‘ఎ’లో వాళ్ల శాతమే ఎక్కువ. అభ్యర్థుల అర్హతలు ఈ డేటాలో లేవు.”

చేత్తో చేసి చూడాలనుకుంటే ఈ డేటా R అనే స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్‌లోనే ఉంటుంది, ఏదీ డౌన్‌లోడ్ చేయక్కర్లేదు. మొదటి వరుస కలిపిన లెక్క ఇస్తుంది, రెండోది డిపార్ట్‌మెంట్ల వారీ శాతాలు, మూడోది ఎవరు ఎక్కడ దరఖాస్తు పెట్టారన్నది.

```r
apply(UCBAdmissions, c(1, 2), sum)
round(prop.table(UCBAdmissions, c(2, 3))["Admitted", , ], 2)
apply(UCBAdmissions, c(2, 3), sum)
```

మూడో వరుస ఇచ్చే పట్టికను ముందు చూడండి. Female వరుసలో B కింద 25 అని ఉంటుంది. పైన పట్టికలో 68% అని నేను రాసింది ఆ 25 మందిలో 17 మంది గురించే. ఇంకో ఇద్దరికి సీటు రాకపోయి ఉంటే అది 60 అయ్యేది, ‘బి’లో పురుషుల 63 కంటే తక్కువ.